కర్టెన్ ట్రాక్ మీద పట్టేస్తోందా? రన్నర్లు కొనే ముందు ఇవి చూడండి

కర్టెన్ లాగితే సగం దూరం వచ్చి ఆగిపోతుంటే, ముందు అందరం చేసేది ఇంకాస్త గట్టిగా లాగడం. తర్వాత షాపుకు వెళ్లి రన్నర్లన్నీ కొత్తవి తెచ్చుకోవడం. గట్టిగా లాగితే ట్రాక్ వంగుతుంది. కొత్త రన్నర్లు వేస్తే ఒక్కోసారి బాగుపడుతుంది గానీ, అవి కూడా పాతవి ఆగిన చోటే ఆగడం నేను చాలా ఇళ్లలో చూశాను. అందుకే డబ్బు తీసే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. కర్టెన్ ట్రాక్‌లో ఎప్పుడూ ఒకే చోట ఆగుతోందా, లేక ఎక్కడ ఉన్నా ఒకే రన్నర్ మొరాయిస్తోందా? చోటు మారకపోతే తప్పు ట్రాక్‌ది. రన్నర్‌తో పాటు చోటు కూడా మారుతుంటే తప్పు రన్నర్‌ది.

ఇక్కడ చెప్పేదంతా మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే అల్యూమినియం ట్రాక్ గురించి. కింద సన్నటి గాడి, లోపల చిన్న చక్రాలున్న ప్లాస్టిక్ రన్నర్లు, వాటి కన్నుల్లో హుక్కులు ఉంటాయి. గుండ్రటి రాడ్డుకు రింగులతో వేలాడే కర్టెన్లకు ఇది పనికిరాదు. మోటారుతో నడిచేవి, తాడు లాగితే తెరుచుకునేవి అయితే వాటిని బిగించిన మనిషినే పిలవడం మంచిది.

ముందు తప్పు ఎక్కడుందో పట్టుకోవడం

కర్టెన్ దించకముందే నెమ్మదిగా లాగుతూ అది ఆగిన చోట గోడకు చిన్న టేపు ముక్క అంటించండి. వెనక్కి తోసి మళ్లీ లాగండి. ఇలా కొన్నిసార్లు చేశాక టేపులన్నీ ఒకే దగ్గర పడ్డాయో, తలో చోట పడ్డాయో చూడండి.

ఆ తర్వాత కర్టెన్‌ను హుక్కులతో సహా రన్నర్ల నుంచి విప్పి పక్కన పెట్టండి. ఎక్కేటప్పుడు ప్లాస్టిక్ కుర్చీ వద్దు. కాళ్లు కదలని నిచ్చెన వేసుకోండి. గదిలో ఫ్యాన్ తప్పకుండా ఆపాలి. చేతులు పైకెత్తి పనిచేస్తున్నప్పుడు వెనక రెక్కలు తిరుగుతున్న సంగతి గుర్తుండదు.

ఇప్పుడు ఖాళీ రన్నర్లను ఒక్కొక్కటిగా వేలితో ఈ చివర నుంచి ఆ చివరకు తోయండి. అన్నీ ఒకే చోట తగులుతుంటే అక్కడ ట్రాక్ వంగి ఉంటుంది, లేదా లోపల ఏదో అడ్డు ఉంటుంది. ఒకటో రెండో మాత్రం దారంతా ఈడ్చుకుంటూ వస్తే అవి అరిగాయని అర్థం. అన్నీ అంతటా కొంచెం బరువుగా కదులుతుంటే అది దుమ్ము. నాలుగో సంగతిని చాలామంది పట్టించుకోరు. ఖాళీ రన్నర్లు హాయిగా జారిపోతున్నాయి, కర్టెన్ తగిలిస్తే మాత్రం పట్టేస్తోంది. అలాగైతే ట్రాక్‌లోనూ రన్నర్లలోనూ ఏ దోషమూ లేదు. గుడ్డ ఎక్కడో రాసుకుంటోంది, లేదా హుక్కులు తప్పుగా పడ్డాయి. దీని సంగతి చివర్లో చెబుతాను.

దుమ్ము, ఉప్పు గాలి

మన వైపు రోహిణి కార్తెలో పడమటి గాలి కొడితే, మూసిన కిటికీ సందుల్లోంచి కూడా సన్నటి మట్టి లోపలికి వస్తుంది. చీమకుర్తి చుట్టుపక్కల ఇళ్లలో దీనికి రాతి పొడి కూడా తోడవుతుంది. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఉప్పు గాలికి అల్యూమినియం మీద తెల్లటి పొక్కు లేస్తుంది. ఆ పొక్కు గాడి లోపల లేచిందంటే చక్రం గరుకు నేల మీద నడిచినట్టే.

శుభ్రం చేయడానికి రన్నర్లను బయటికి తీయాలి. ట్రాక్ ఒక చివర స్టాపర్ ఉంటుంది. దాని చిన్న స్క్రూ వదులు చేసి లాగితే ఊడి వస్తుంది, రన్నర్లు ఆ చివర నుంచి జారి వచ్చేస్తాయి. అయితే అక్కడ గోడకూ ట్రాక్‌కూ మధ్య వేలు పట్టేంత సందు ఉండాలి. ఫాల్స్ సీలింగ్ గూట్లో గోడ నుంచి గోడ దాకా ట్రాక్ బిగించిన ఇళ్లలో ఆ సందు ఉండదు. గాడిలో ఎక్కడైనా రన్నర్ పట్టేంత వెడల్పు కోత ఉందేమో చూడండి. అదీ లేకపోతే ట్రాక్ స్క్రూలు విప్పి కిందికి దించక తప్పదు.

గాడి లోపల ముందు పొడిగా ఉన్న పాత టూత్‌బ్రష్‌తో రుద్ది దుమ్మంతా రాల్చండి. తర్వాత గిన్నెల సబ్బు ఒక చుక్క వేసిన తడి గుడ్డను సన్నటి పుల్లకు చుట్టి తుడవండి. ఆపైన పొడి గుడ్డతో ఒకసారి. తెల్ల పొక్కు ఉన్న చోట గిన్నెలు తోమే నైలాన్ పీచుతో నెమ్మదిగా రుద్దితే పోతుంది. ఇనుప పీచు వాడితే గీతలు పడి ఇంకా గరుకవుతుంది. రన్నర్లను గోరువెచ్చని సబ్బు నీళ్లలో పావుగంట నానబెట్టి కడగండి. మరిగే నీళ్లు పోస్తే ప్లాస్టిక్ వంకరపోతుంది. చక్రాల ఇరుసుకు వెంట్రుకలు, కర్టెన్ దారాలు చుట్టుకుని ఉంటాయి. వాటిని బ్లేడుతో కోసి, గుండుసూదితో లాగేయండి. కొన్ని చక్రాలు తిరగకుండా ఈడ్చుకుపోవడానికి కారణం ఆ దారాలే.

ఇక నూనె సంగతి. కొబ్బరి నూనె, కుట్టు మిషను నూనె, గ్రీజు ఏదీ వద్దు. రెండు రోజులు బాగా జారుతుంది, తర్వాత వచ్చే దుమ్మంతా దానికి అంటుకుని జిగురవుతుంది. కర్టెన్ పై అంచుకు మరక కూడా పడుతుంది. తుప్పు వదిలించే స్ప్రేలదీ ఇంచుమించు అదే కథ. సిలికాన్ స్ప్రే దొరికితే దాన్ని గుడ్డ మీద కొట్టి, ఆ గుడ్డతో గాడి లోపల తుడవండి. నేరుగా పైకి కొట్టకండి. కింద టైల్స్ మీద పడితే మనుషులు జారి పడతారు. స్ప్రే లేకపోతే మామూలు కొవ్వొత్తి ముక్కతో చక్రాలు నడిచే అంచుల మీద పల్చగా రుద్దినా చాలు.

ట్రాక్ వంగిందా, ఏదైనా అడ్డం ఉందా?

కావలిలో మా పిన్ని వాళ్ల హాలు నుంచి వరండాలోకి వెళ్లే తలుపుకు తొమ్మిది అడుగుల ట్రాక్ ఉంది. చెరో వైపు ఒక కర్టెన్. ఎడమ వైపుది మధ్యకు చేరే ముందు ఆగిపోయేది. "ఏందబ్బయా, రన్నర్లన్నీ మారిస్తే సరిపోతుందంట గదా" అంది పిన్ని. కర్టెన్ దించి రన్నర్లను ఒక్కొక్కటిగా తోస్తే ఎడమ వైపు రన్నర్లన్నీ ట్రాక్ మధ్యకు కాస్త ఇవతల, ఒకే చోట టక్కుమని ఆగాయి. రెండు మాత్రం దారి పొడుగునా ఈడ్చుకుంటూ వచ్చాయి. అంటే అక్కడ రెండు జబ్బులున్నాయి. పెద్దది ట్రాక్‌ది. దాన్ని వదిలేసి రన్నర్లు మార్చి ఉంటే వాటి డబ్బులు వృథా.

ట్రాక్ వంగిందో లేదో కంటితో చూసి చెప్పడం కష్టం. ఒక చివర నుంచి మరో చివరకు పురికొసను బిగుతుగా పట్టండి. అది ట్రాక్ అడుగును రెండు చివర్లా తాకుతూ ఉండాలి. మధ్యలో ట్రాక్ కిందికి జారి ఉంటే పురికొసను కిందికి నెడుతుంది. పిన్ని వాళ్ల ట్రాక్ దాదాపు సెంటీమీటరు దిగి ఉంది. నిచ్చెన ఎక్కి సెల్‌ఫోన్ లైటు గాడిలోకి వేస్తే కారణం కనిపించింది. ఆ ట్రాక్‌ను క్లాంపులతో కాకుండా దాని వీపు గుండా నేరుగా శ్లాబుకు స్క్రూలు కొట్టి బిగించారు. తొమ్మిది అడుగులకు మూడే స్క్రూలు. మధ్య స్క్రూ ప్లాస్టిక్ ప్లగ్ వదులై కిందికి జారింది. స్క్రూ పక్కకు వాలి, దాని తల అంచు గాడిలోకి వచ్చింది. చక్రాలు వచ్చి దానికి కొట్టుకుంటున్నాయి.

ఇలా వీపు గుండా బిగించిన ట్రాక్‌లలో స్క్రూ తల చాలా మామూలు నేరస్థుడు. స్క్రూ గట్టిగానే ఉన్నా, గుండు తల ఉన్నది వాడితే అది కిందికి పొడుచుకు వస్తుంది. తల పైభాగం చదునుగా ఉండి, కిందికి గరాటులా సన్నబడే స్క్రూ వాడాలి. ట్రాక్ రంధ్రాన్ని కూడా పెద్ద డ్రిల్ బిట్‌తో చేత్తో తిప్పుతూ కొంచెం పళ్లెంలా చేస్తే తల పూర్తిగా అందులోకి కూర్చుంటుంది. వేలితో తడిమితే ఏమీ తగలకూడదు.

వదులైన పాత రంధ్రంలోనే కొత్త స్క్రూ తిప్పితే మళ్లీ ఊడుతుంది. అక్కడి నుంచి రెండు అంగుళాలు పక్కకు జరిపి, ఆరు మిల్లీమీటర్ల బిట్‌తో శ్లాబులో కొత్త రంధ్రం చేసి, దానికి సరిపడే ప్లగ్ కొట్టాం. డ్రిల్లు పెట్టే ముందు ఆ వరుసలో లైటు పాయింటో ఫ్యాను పాయింటో ఉందేమో చూడాలి. ఉంటే వైరు పైపు ఎటు పోతుందో తెలిసే దాకా అక్కడ రంధ్రం పెట్టొద్దు. స్క్రూలు ఎస్‌ఎస్ రకం తీసుకున్నాం. కావలికి సముద్రం ఎంతో దూరం లేదు, మామూలు ఇనుప స్క్రూలు తుప్పెక్కి గోధుమ రంగు కారడం ఆ ఇంట్లోనే కిటికీల దగ్గర కనిపించింది.

మూడు స్క్రూలు చాలవు. బరువైన కర్టెన్‌కు రెండు అడుగులకు మించి ఎడం ఉండకూడదు, చివరి స్క్రూ ట్రాక్ కొసకు మూడు నాలుగు అంగుళాల లోపే ఉండాలి. తొమ్మిది అడుగులంటే 108 అంగుళాలు. రెండు వైపులా మూడేసి అంగుళాలు వదిలితే 102. ఆరు స్క్రూలు వేస్తే వాటి మధ్య ఐదు సందులు, ఒక్కోటి ఇరవై అంగుళాల పైచిలుకు. మధ్య స్క్రూ బిగించగానే ట్రాక్ తనంతట తానే లేచి సూటిగా నిలబడింది. అల్యూమినియం అప్పటికి మెల్లగా ఒంగిందే తప్ప మడత పడలేదు.

ఈ తేడా గుర్తు పెట్టుకోవాలి. పొడవు మీద విల్లులా ఒంగినదాన్ని సరిచేయొచ్చు. ఎవరో పట్టుకుని వేలాడితే ఒక చోట ముడత పడి, రంగు పగిలి తెల్ల గీత కనిపిస్తే మాత్రం అది మళ్లీ సూటి కాదు. వెనక్కి వంచితే అక్కడే విరుగుతుంది. ఆ ట్రాక్ మార్చాల్సిందే.

గాడి పెదవులు నొక్కుకుపోవడం మరో రకం. నిచ్చెన తగిలో, గోడకు రంగు వేసేటప్పుడు దెబ్బ తగిలో అలా అవుతుంది. గాడిలో గట్టిగా పట్టేంత మందం ఉన్న చెక్క బద్దను నొక్కుకున్న చోటికి జరుపుతూ తోస్తే పెదవులు కొద్దిగా విచ్చుకుంటాయి. లేదంటే చదును స్క్రూడ్రైవర్ కొసకు గుడ్డ చుట్టి, గాడిలో పెట్టి అతి కొద్దిగా తిప్పండి. ఎక్కువ విచ్చుకుంటే రన్నర్ కిందికి ఊడిపోతుంది. కాబట్టి తిప్పినప్పుడల్లా ఒక రన్నర్ జరిపి చూడండి. అంచు గరుకుగా మిగిలితే సన్నటి ఆకురాయితో రుద్ది, పొడి తుడిచేయండి.

రెండు ముక్కలు అతికిన ట్రాక్ అయితే పట్టేసే చోటు సరిగ్గా అతుకు దగ్గరే ఉంటుంది. ఒక ముక్క కొంచెం పైకి, మరొకటి కిందికి ఉండి చక్రానికి మెట్టులా తగులుతుంది. అతుకు స్క్రూలు వదులు చేసి, గాడిలో సూటి అల్యూమినియం పట్టీ దూర్చి రెండు ముక్కలనూ వరుసకు తెచ్చి, అప్పుడు బిగించండి. అతుకుకు రెండు వైపులా దగ్గర్లోనే ఒక్కో క్లాంపు ఉండాలి. కొత్తగా కొనేవాళ్లు ఒకే ముక్కగా దొరికే పొడవు తెచ్చుకుంటే ఈ తలనొప్పే ఉండదు.

ఫాల్స్ సీలింగ్‌కు బిగించిన ట్రాక్ జారితే అక్కడే మళ్లీ ప్లగ్ కొట్టి లాభం లేదు. జిప్సం బోర్డు కర్టెన్ బరువు మోయదు. పైనున్న ఇనుప ఫ్రేము ఎక్కడుందో అయస్కాంతంతో వెతికి, దానికి స్క్రూ పడేలా చూడాలి. ఫ్రేము దొరక్కపోతే వడ్రంగిని పిలిచి లోపల చెక్క పట్టీ వేయించుకోవడమే.

అరిగిన రన్నర్లు

ట్రాక్ బాగయ్యాక కూడా ఈడ్చుకునే రన్నర్లను మార్చాలి. అరుగుదల ఎలా తెలుస్తుందంటే, కర్టెన్ గోడ వైపు చివర ఉన్న రన్నర్‌ను ఒకటి తీసి, ముందు వైపున్న దానితో పక్కపక్కన పెట్టండి. గోడ వైపుది దాదాపు కదలదు కాబట్టి కొత్తదానిలా ఉంటుంది. ముందుది రోజూ మొత్తం దూరం నడుస్తుంది. దాని చక్రం ఒక వైపు చదునుగా అరిగి ఉంటుంది, ఇరుసు ఊగుతుంది, హుక్ పడే కన్ను కోసుకుపోయి సాగి ఉంటుంది. పడమటి ఎండ పడే కిటికీ అయితే ప్లాస్టిక్ పసుపెక్కి, గోరుతో నొక్కితే పుటుక్కున విరుగుతుంది. అలా పెళుసెక్కితే ఒకటి రెండు కాదు, అన్నీ మార్చేయండి.

ప్లాస్టిక్ పెళుసెక్కలేదు, ముందున్న రెండు మూడే పాడయ్యాయి అనుకోండి. అవసరానికి గోడ వైపు వాటిని ముందుకు, ముందు వాటిని గోడ వైపుకు మార్చి వేస్తే కొన్ని నెలలు నడుస్తుంది. పిన్ని వాళ్లింట్లో ముందు అలాగే చేశాం, కొత్తవి తర్వాత తెచ్చాం.

కొత్తవి కొనడానికి వెళ్లేటప్పుడు ఫోన్లో ఫోటో చాలదు. పాత రన్నర్ ఒకటి జేబులో వేసుకుని వెళ్లండి. గాడి సందు వెడల్పు, లోపలి వెడల్పు కొలిచి రాసుకోండి. చూడటానికి ఒకేలా ఉన్నా ఒక మిల్లీమీటరు తేడాతో కొన్ని బిగుసుకుంటాయి, కొన్ని ఊడి పడతాయి. చక్రాలు లోపల కొంచెం ఆటతో తిరగాలి, మెడ గాడి పెదవులకు రాసుకోకూడదు. నెల్లూరు, ఒంగోలు లాంటి చోట కొట్లు చాలా ఉంటాయి కాబట్టి ముందు రెండే తెచ్చి ట్రాక్ పొడవంతా నడిపి చూసి, తర్వాత మిగతావి తెచ్చుకోవచ్చు. పల్లె నుంచి వెళ్లేవాళ్లయితే కొట్లోనే పాతదాని పక్కన పెట్టి చక్రాల వెడల్పు, మెడ మందం, మెడ పొడవు మూడూ సరిచూసుకోండి.

ఎన్ని కావాలి? హుక్కుకూ హుక్కుకూ మధ్య నాలుగు అంగుళాలు పెట్టుకుంటే మంచిది. పిన్ని వాళ్ల తొమ్మిది అడుగుల ట్రాక్‌లో ఒక్కో కర్టెన్ వాటా 54 అంగుళాలు. నాలుగుతో భాగిస్తే పదమూడున్నర, అంటే పద్నాలుగు సందులు, పదిహేను హుక్కులు. వాటిలో గోడ వైపు చివరి హుక్కు రన్నర్‌కు కాదు, స్టాపర్ కన్నుకు తగలాలి. అది లేకపోతే లాగినప్పుడు కర్టెన్ మొత్తం గోడను వదిలి వచ్చేస్తుంది. కాబట్టి ఒక్కో వైపు పద్నాలుగు రన్నర్లు, రెండు వైపులా 28. విరిగితే వేసుకోవడానికి మరో ఆరేడు. రన్నర్లు తక్కువైతే హుక్కుల మధ్య గుడ్డ తల వేలాడుతుంది, ఒక్కో చక్రం మీద బరువు ఎక్కువై త్వరగా అరుగుతుంది.

ట్రాక్‌లోకి ఎక్కించేటప్పుడు కన్నులన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయో లేదో చూసి, లెక్క సరిపోయాకే స్టాపర్ బిగించండి.

హుక్కులు, గుడ్డ రాపిడి

పైన చెప్పిన నాలుగో సంగతి ఇప్పుడు. కర్టెన్ తల వెనక టేపులో పై వరుస, కింది వరుస అని జేబులుంటాయి. హుక్కును కింది జేబులో వేస్తే గుడ్డ తల పైకి లేచి ట్రాక్‌ను కప్పేస్తుంది. గోడకు బిగించిన ట్రాక్‌కు అది అందం. శ్లాబుకు బిగించిన ట్రాక్‌కు అలా వేస్తే గుడ్డ తల శ్లాబును రాసుకుంటూ కదలదు. శ్లాబుకు హుక్కులు పై జేబులో పడాలి. కొత్తగా ఉతికి తగిలించాక పట్టేయడం మొదలైందంటే, నేను ముందు చూసేది ఇదే. ఉతికిన తర్వాత వేరే వరుసలో హుక్కులు వేసి ఉంటారు.

టేపు లేకుండా గట్టి కాన్వాస్ పెట్టి కుట్టించిన కర్టెన్లకు సూది మొన ఉన్న లోహపు హుక్కులు వాడతారు. వాటి ఎత్తు మన చేతుల్లో ఉంటుంది, అందుకే ఒకటి పైకి ఒకటి కిందికి పడుతుంటాయి. అప్పుడు ఎక్కువ బరువు పడిన రన్నర్ వాలి గాడి పెదవికి రాసుకుంటుంది. ఒక అట్ట ముక్క మీద గుడ్డ పై అంచు నుంచి హుక్ వంపు దాకా దూరాన్ని గీత గీసి, ప్రతి కుచ్చు దగ్గరా దాన్ని ఆనించి గుచ్చండి. శ్లాబుకూ గుడ్డ అంచుకూ మధ్య అర అంగుళం ఖాళీ రావాలి. మొన వెనక వైపు నుంచి పైకి, కాన్వాస్ మందంలోకి వెళ్లాలి, ముందు గుడ్డలోంచి బయటికి రాకూడదు. సాగిపోయిన హుక్కును పట్టకారుతో నొక్కి మళ్లీ వాడకండి. నోరు తెరుచుకున్న హుక్కు పక్క రన్నర్‌ను కొరుక్కుని రెండింటినీ కలిపి ఈడుస్తుంది.

కింది అంచు కూడా చూడండి. నేలకు అర అంగుళం పైన ఉండాలి. టైల్స్ మీద ఈడ్చుకునే కర్టెన్‌ను ఎంత మంచి ట్రాక్ అయినా జార్చలేదు. ఉతికాక కొన్ని గుడ్డలు సాగుతాయి కాబట్టి కుట్టించేటప్పుడు సరిపోయిన పొడవు తర్వాత సరిపోకపోవచ్చు. అప్పుడు కింది అంచు మళ్లీ మడిచి కుట్టించాలి.

అన్నీ సరిచేశాక కూడా ముందు రన్నర్ ఒక్కటే పదేపదే పాడవుతుంటే, ఇంట్లో వాళ్లు కర్టెన్‌ను ఎక్కడ పట్టుకుని లాగుతున్నారో చూడండి. పిల్లలు కింది అంచు పట్టుకుని ఏటవాలుగా లాగితే ముందు రన్నర్ అడ్డం తిరిగి గాడిలో ఇరుక్కుంటుంది. ముందు రన్నర్ కన్నుకు తగిలించే సన్నటి లాగుడు కర్ర షాపుల్లో దొరుకుతుంది. దాన్ని తగిలిస్తే ఎవరు లాగినా బలం ట్రాక్ వెంటే వెళ్తుంది.

ఉతికేటప్పుడు లోహపు హుక్కులన్నీ తీసేయండి. ఉప్పు గాలి ఊళ్లలో అవి తడిస్తే తుప్పు మరక గుడ్డకు అంటుతుంది, అది వదలదు. తీసిన హుక్కులు, మిగిలిన రన్నర్లు ఒక కవర్లో వేసి, ఏ గది కిటికీవో, గాడి కొలత ఎంతో కవరు మీద రాసి, ఇంట్లో టూల్ డబ్బాలో పెట్టుకోండి.